కొత్త వైరస్ వచ్చిన మొదటి వారం

కొత్త కరోనా వైరస్ ముక్కు లోపలి పొరలో ఒక కణంలోకి దూరిందనుకుందాం. పది గంటలు గడిచేసరికే ఆ కణం నుంచి పిల్ల వైరస్‌లు బయటపడటం మొదలవుతుంది. అవి పక్క కణాల్లోకి దూరతాయి. మరో పది గంటలకు ఇంకో తరం పుడుతుంది. ఇటు మన ఒంట్లో యాంటీబాడీల సంగతి వేరు. ఇదివరకెన్నడూ చూడని వైరస్‌కు సరిపోయే యాంటీబాడీలు రక్తంలో చెప్పుకోదగ్గ మోతాదుకు చేరాలంటే వారం నుంచి రెండు వారాలు పడుతుంది. అప్పటికి వైరస్ ఎన్ని తరాలు దాటి ఉంటుందో లెక్క వేసుకోవచ్చు.

2020 తొలి నెలల్లో కోవిడ్ సోకినవారెవరికీ టీకా రక్షణ లేదు, ఆ వైరస్ గురించిన జ్ఞాపకమూ ఒంట్లో లేదు. అయినా వారిలో ఎక్కువమంది కొద్దిరోజుల జ్వరంతో, ఒళ్లునొప్పులతో గట్టెక్కారు. కొందరికి మాత్రం రెండో వారంలో ఊపిరి ఆడక ఆసుపత్రి మంచం తప్పలేదు. యాంటీబాడీలు తయారయ్యేలోపు మొదటివారిలో వైరస్‌కు పగ్గం వేసిందేమిటి? రెండోవారిలో ఆ పగ్గం ఎందుకు పడలేదు? ఈ రెండు ప్రశ్నలకూ సమాధానం చాలావరకు ఇంటర్ఫెరాన్ అనే చిన్న ప్రొటీన్ల కుటుంబంలో ఉంది.

కణమే పసిగడుతుంది

మన రోగనిరోధక వ్యవస్థ రెండు అంచెలుగా పనిచేస్తుంది. పుట్టుకతో వచ్చే సహజ రక్షణ మొదటిది. ఫలానా వైరస్‌ను ప్రత్యేకంగా గుర్తుపట్టడం దీనికి తెలియదు, కానీ గంటల్లో స్పందిస్తుంది. ఎదురైన శత్రువును బట్టి తయారయ్యే రక్షణ రెండోది. దీన్ని ఆర్జిత రక్షణ అంటారు. బీ కణాలు, అవి తయారుచేసే యాంటీబాడీలు, టీ కణాలు దీని కిందికి వస్తాయి. ఇది ఆలస్యంగా మొదలైనా గురి తప్పదు, ఒకసారి నేర్చుకున్నదాన్ని ఏళ్ల తరబడి గుర్తుపెట్టుకుంటుంది.

సహజ రక్షణ అనగానే చాలామందికి తెల్లరక్తకణాలే గుర్తొస్తాయి. నిజానికి అది అంతకంటే ముందే, వైరస్ దూరిన మామూలు కణంలోనే మొదలవుతుంది. కరోనా వైరస్ జన్యుపదార్థం ఒంటిపేట ఆర్‌ఎన్‌ఏ. అది తన నకళ్లు తీసుకునేటప్పుడు, కాసేపు రెండు పేటలు పెనవేసుకున్న పొడవాటి ఆర్‌ఎన్‌ఏ ఏర్పడుతుంది. ఆరోగ్యంగా ఉన్న మన కణం లోపలి ద్రవంలో అలాంటిది మామూలుగా కనిపించదు. అది కనిపించిందంటే లోపల ఎవరో పరాయివాళ్లు ఉన్నట్టే. ఎండీఏ5 వంటి ప్రొటీన్లు కణంలో దీనికోసమే కాచుకుని ఉంటాయి. వైరస్ పేరేమిటో, ఎక్కడి నుంచి వచ్చిందో వాటికి అక్కర్లేదు. నిన్న పుట్టిన వైరస్ అయినా నకళ్లు తీసుకోక తప్పదు కాబట్టి దొరికిపోవాల్సిందే. కొత్త వైరస్ ముందు సహజ రక్షణ చేతులెత్తేయకపోవడానికి కారణం ఇదే.

పరాయి ఆర్‌ఎన్‌ఏ దొరకగానే ఆ సంకేతం కణకేంద్రకానికి చేరుతుంది. అక్కడ ఇంటర్ఫెరాన్ జన్యువులు మేల్కొంటాయి. కొన్ని గంటల్లో కణం ఇంటర్ఫెరాన్‌ను తయారుచేసి బయటికి వదులుతుంది.

చాటింపు

1957లో లండన్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఫర్ మెడికల్ రీసెర్చ్‌లో అలిక్ ఐజాక్స్, జీన్ లిండెన్‌మన్ ఒక ప్రయోగం చేశారు. కోడిగుడ్డులో పిండాన్ని చుట్టి ఉండే పొరను ముక్కలుగా కోసి, వేడిచేసి చంపిన ఫ్లూ వైరస్‌తో కొన్ని గంటలు కలిపి ఉంచారు. తర్వాత ఆ ముక్కలు తీసేసి, మిగిలిన ద్రవంలో తాజా పొర ముక్కలు వేశారు. వాటి మీదికి బతికున్న వైరస్‌ను వదిలితే అది సరిగా పెరగలేదు. మొదటి ముక్కల్లోని కణాలు ఏదో పదార్థాన్ని ద్రవంలోకి వదిలాయని, అదే రెండో ముక్కలను కాపాడిందని వారు తేల్చి, దానికి ఇంటర్ఫెరాన్ అని పేరు పెట్టారు. అంతకు మూడేళ్ల ముందే జపాన్‌లో యాసుఇచి నగానో, యాసుహికో కొజిమా ఇలాంటి పదార్థాన్నే గమనించి ప్రకటించారు.

ఇంటర్ఫెరాన్ తీరు ఈ ప్రయోగంలోనే కనిపిస్తుంది. అది వైరస్‌ను నేరుగా తాకదు, చంపదు. పూర్వం ఊరికి ముప్పు ముంచుకొస్తే తలారి డప్పు కొట్టి చాటింపు వేసేవాడు. తలుపులు బిగించుకోవడం, దీపాలు ఆర్పుకోవడం ఎవరింటి పని వారిదే. ఇంటర్ఫెరాన్ కూడా అంతే. వైరస్ దూరిన కణం ఒక్కోసారి తాను చచ్చిపోవచ్చు. కానీ అది వదిలిన ఇంటర్ఫెరాన్ పక్క కణాల పైపొర మీది గ్రాహకాలకు అతుక్కుని, వైరస్ తమదాకా రాకముందే వాటిని సిద్ధం చేస్తుంది.

ఆ సిద్ధపాటు చాలా లోతైనది. చాటింపు అందిన కణంలో వందల జన్యువులు ఒక్కసారిగా పనిలో పడతాయి. వాటిలో ఒక ప్రొటీన్ వైరస్ పైపొర కణం పొరతో కలిసిపోకుండా అడ్డుపడుతుంది. పీకేఆర్ అనే ఇంకో ప్రొటీన్, పరాయి ఆర్‌ఎన్‌ఏ కనబడితే చాలు, కణంలో ప్రొటీన్ల తయారీనే నిలిపేస్తుంది. వైరస్‌కు సొంతంగా ప్రొటీన్లు చేసుకునే సాధనం లేదు కనుక దాని పని అక్కడితో ఆగుతుంది. మరో ఎంజైము కణంలోని ఆర్‌ఎన్‌ఏను తుంచి ముక్కలు చేస్తుంది. ఇందులో కణం సొంత ఆర్‌ఎన్‌ఏ కూడా కొంత నష్టపోతుంది. అంటే ఈ రక్షణ ఊరికే రాదు. కణాలు తమ సాధారణ పనులు మానుకుని దీన్ని భరిస్తాయి. అందుకే ఇంటర్ఫెరాన్ కొద్దిరోజులుండి తగ్గిపోవాలి, అదేపనిగా ఉండకూడదు.

ఫ్లూ వచ్చిన మొదటి రోజుల్లో ఒళ్లంతా పచ్చిపుండులా ఉండటం, నీరసం, తలనొప్పి, చలిజ్వరం వైరస్ నేరుగా చేసే పనే అనుకుంటాం. వాటిలో పెద్ద వాటా ఇంటర్ఫెరాన్‌ది, దాని వెంట వచ్చే ఇతర రసాయనాలది. దీనికి రుజువు హెపటైటిస్-సి రోగులు. వారికి ఏళ్ల తరబడి ఇంటర్ఫెరాన్ ఇంజెక్షన్లే ప్రధాన చికిత్సగా ఉండేవి. హైదరాబాద్‌లోని శాంతా బయోటెక్నిక్స్ కూడా ఇంటర్ఫెరాన్ ఆల్ఫాను తయారుచేసి అమ్మింది. ఆ సూది వేయించుకున్నవారిలో చాలామందికి కొద్ది గంటల్లోనే అచ్చం ఫ్లూ వచ్చినట్టు జ్వరం, ఒళ్లునొప్పులు వచ్చేవి. ఫ్లూ వైరస్ మాత్రం ఒంట్లో ఉండేది కాదు.

ఆర్జిత రక్షణకు అన్ని రోజులెందుకు?

ముక్కులో చాటింపు నడుస్తుండగానే అక్కడి డెండ్రైటిక్ కణాలు వైరస్ ముక్కలను ఏరుకుని దగ్గర్లోని లింఫ్ గ్రంథులకు బయల్దేరతాయి. జలుబు చేసినప్పుడు దవడ కింద, మెడ పక్కన బిళ్ల కట్టినట్టు తగిలేవి ఈ గ్రంథులే. ఆ ప్రయాణానికే సుమారు ఒక రోజు పడుతుంది.

అసలు కష్టం ఆ తర్వాత మొదలవుతుంది. మన ఒంట్లో టీ కణాలు, బీ కణాలు కోట్లాదిగా ఉన్నా ఒక్కోదానికి ఒక్కో ఆకారమే తెలుసు. ఫలానా కొత్త వైరస్ ముక్కకు సరిగ్గా సరిపోయే టీ కణం లక్షల్లో ఒక్కటి ఉంటుంది. గ్రంథిలోకి వస్తూ పోతూ ఉండే కణాల్లోంచి ఆ ఒక్కటి ఎదురుపడి, అతుక్కుని, మొదటిసారి విభజన చెందడానికి మరో రోజు, రోజున్నర కావాలి. అప్పటి నుంచి అది రెట్టింపు అవుతూ పోతుంది. ఒక గ్రంథిలో అలాంటివి వంద కణాలు దొరికాయని, 12 గంటలకోసారి రెట్టింపు అవుతున్నాయని అనుకుందాం. ఐదు రోజుల్లో పది రెట్టింపులు జరిగి వంద కాస్తా లక్ష దాటుతుంది. అప్పుడుగాని అవి రక్తంలోకి దిగి, ఊపిరితిత్తులకు చేరి, వైరస్ దూరిన కణాలను వెతికి చంపలేవు. బీ కణాలకు టీ కణాల సాయం కూడా కావాలి కాబట్టి మేలైన యాంటీబాడీలు ఇంకా ఆలస్యమవుతాయి. ఏ వయసులోనైనా, ఎంత బలిష్ఠుడికైనా ఈ క్రమంలోని మెట్లేవీ తప్పవు.

ఈ రెండు రక్షణలు దేని దారిన అది పోయేవి కావు. డెండ్రైటిక్ కణాలు చురుగ్గా మారి టీ కణాలను పురమాయించాలంటే ఇంటర్ఫెరాన్ సంకేతం తోడ్పడాలి. వైరస్ దూరిన కణం తన లోపలి ముక్కలను పైపొర మీద ప్రదర్శిస్తేనే టీ కణం దాన్ని గుర్తుపడుతుంది. ఆ ప్రదర్శననూ ఇంటర్ఫెరానే పెంచుతుంది. కాబట్టి మొదటి అంచె బలహీనపడితే వైరస్ పెరగడమొక్కటే కాదు, రెండో అంచె కూడా తడబడుతుంది.

కరోనా వేసిన ఎత్తు

కొత్త కరోనా వైరస్ జన్యువుల్లో చెప్పుకోదగ్గ భాగం ఈ చాటింపును అణచడానికే పనికొస్తుంది. ఆ వైరస్ కణంలో సంచుల్లాంటి పొరలు కట్టుకుని, వాటి చాటున నకళ్లు తీసుకుంటుంది. దాంతో రెండుపేటల ఆర్‌ఎన్‌ఏ ఎండీఏ5 కంటపడటం ఆలస్యమవుతుంది. ఎన్‌ఎస్‌పీ1 అనే దాని ప్రొటీన్ మన రైబోజోములకు అడ్డుపడుతుంది. దాంతో ఇంటర్ఫెరాన్ జన్యువు మేల్కొన్నా ఇంటర్ఫెరాన్ ప్రొటీన్ సరిగా తయారు కాదు. ఓఆర్‌ఎఫ్6 అనే ఇంకో ప్రొటీన్, బయటి నుంచి వచ్చిన ఇంటర్ఫెరాన్ సంకేతం కణకేంద్రకంలోకి వెళ్లే దారిని మూసేస్తుంది.

దీని ఫలితం కోవిడ్ నడిచిన తీరులోనే కనిపించింది. చాలామందిలో జ్వరం మొదలయ్యే నాటికే ముక్కు, గొంతుల్లో వైరస్ దాదాపు గరిష్ఠ స్థాయిలో ఉండేది. అంటే రోగికి ఒంట్లో బాగోలేదని తెలియకముందే అది ఇతరులకు అంటుకుంటోంది. అయినా ఆరోగ్యవంతుల్లో ఈ అణచివేత పూర్తిగా సాగదు. ఎన్నో కణాల్లో కొన్నైనా చాటింపు వేస్తాయి, కాస్త ఆలస్యంగానైనా వైరస్ జోరు తగ్గుతుంది, ఈలోగా టీ కణాలు అందుకుంటాయి.

అలా జరగనివారి కథ వేరు. పారిస్‌లో 50 మంది కోవిడ్ రోగుల రక్తాన్ని పరిశీలించి 2020లో ప్రచురించిన అధ్యయనంలో, జబ్బు తీవ్రంగా ఉన్నవారిలో మొదటి రకం ఇంటర్ఫెరాన్లు, అంటే ఆల్ఫా, బీటా వంటివి, బాగా తక్కువగా పనిచేస్తున్నట్టు, రక్తంలో వైరస్, వాపు కలిగించే రసాయనాలు మాత్రం ఎక్కువగా ఉన్నట్టు తేలింది. మొదట్లో ఆపాల్సినది ఆపకపోవడంతో వైరస్ ఊపిరితిత్తుల లోతుకు దిగుతుంది. రెండో వారంలో అక్కడికి గుంపులుగా వచ్చిన రోగనిరోధక కణాలు వైరస్‌తో పాటు ఊపిరితిత్తులనూ దెబ్బతీస్తాయి.

సొంత యాంటీబాడీలే అడ్డుపడితే

కొందరిలో ఇంటర్ఫెరాన్ ఎందుకు పనిచేయలేదు? న్యూయార్క్‌లోని రాక్‌ఫెలర్ యూనివర్సిటీలో, పారిస్‌లో ల్యాబులు నడిపే జాన్-లోరాన్ కాసనోవా బృందం 2020లో ఈ ప్రశ్న వెంటపడింది. ముందు జన్యువుల్లో వెతికారు. ప్రాణాపాయ స్థితికి చేరిన 659 మందిలో 23 మందికి ఇంటర్ఫెరాన్ తయారీకో, దాని సంకేతాలకో సంబంధించిన జన్యువుల్లో పుట్టుకతోనే లోపాలున్నట్టు కనిపించింది. వారిలో కొందరు పెద్దయ్యేదాకా ఏ పెద్ద జబ్బూ లేకుండా బతికినవారే.

అంతకంటే విచిత్రమైనది రెండో అధ్యయనంలో బయటపడింది. తీవ్ర కోవిడ్‌తో ఉన్న 987 మంది రక్తాన్ని పరీక్షిస్తే 101 మందిలో తమ సొంత ఇంటర్ఫెరాన్‌నే పట్టి నిర్వీర్యం చేసే యాంటీబాడీలు కనిపించాయి. ఆ 101 మందిలో 95 మంది పురుషులు. కోవిడ్ సోకినా లక్షణాలు లేనివారు, తేలికగా బయటపడ్డవారు 663 మందిని చూస్తే ఒక్కరిలోనూ ఇవి లేవు. ఆరోగ్యవంతులైన 1,227 మందిలో నలుగురికి మాత్రమే ఉన్నాయి.

ఈ యాంటీబాడీలు నిజంగానే హాని చేస్తున్నాయా, లేక ఉత్తినే రక్తంలో తిరుగుతున్నాయా? దీన్ని తేల్చడానికి ల్యాబులో పెంచిన మనిషి కణాలకు ఇంటర్ఫెరాన్ ఆల్ఫా ఇచ్చి, వాటి మీదికి కరోనా వైరస్‌ను వదిలారు. వైరస్ పెరగలేదు. ఆరోగ్యవంతుల ప్లాస్మా చేర్చినా కణాలకు రక్షణ అలాగే ఉంది. ఈ రోగుల ప్లాస్మా చేర్చగానే ఇంటర్ఫెరాన్ ఉండి కూడా లేనట్టే అయింది, వైరస్ యథేచ్ఛగా పెరిగింది. పోనీ, జబ్బు వల్లే ఈ యాంటీబాడీలు పుట్టాయేమో అన్న అనుమానమూ ఉంది. కోవిడ్‌కు ముందు తీసి దాచిన రక్తం కొందరిది దొరికింది. దాన్ని పరీక్షిస్తే అందులోనూ అవి ఉన్నాయి. అంటే అవి జబ్బుకు ముందు నుంచీ ఉన్నవే.

తర్వాత 34 వేలకు పైగా ఆరోగ్యవంతుల నమూనాలతో చేసిన అధ్యయనంలో ఇవి 70 ఏళ్లు దాటాక స్పష్టంగా పెరుగుతున్నాయని తెలిసింది. కోవిడ్‌తో చనిపోయినవారిలో దాదాపు ఐదో వంతు మందిలో ఇవి ఉన్నాయి. వయసు మీదపడినవారికి కోవిడ్ అంత ప్రమాదకరం కావడానికి ఇదొక కారణం. ఇదొక్కటే కారణం కాదు. మిగిలిన నాలుగు వంతుల మందికి వేరే సంజాయిషీలు వెతకాల్సిందే.

ఇందులో రెండు అంచెల సంబంధం తలకిందులైంది. ఆర్జిత రక్షణ తయారుచేసిన యాంటీబాడీ సహజ రక్షణ గొంతు నొక్కుతోంది. మామూలు రోజుల్లో ఆ మనిషికి ఏ తేడా తెలియదు. మామూలు రక్తపరీక్షల్లోనూ ఇది బయటపడదు, ఎందుకంటే అవి ఇంటర్ఫెరాన్ యాంటీబాడీల కోసం వెతకవు. ఎప్పుడూ వచ్చే వైరస్‌లకు పాత జ్ఞాపకం ఉంటుంది కాబట్టి ఇంటర్ఫెరాన్ లోటును అది చాలావరకు కప్పేస్తుంది. ఆ జ్ఞాపకం లేని కొత్త వైరస్ వచ్చినప్పుడే లోపం బయటపడుతుంది. ఎల్లో ఫీవర్ టీకాతోనూ ఇలాగే జరిగింది. అందులో ఉండేది బలహీనపరిచిన బతికున్న వైరస్. చాలా అరుదుగా ఆ టీకాతోనే ప్రాణం మీదికి వచ్చినవారిలో ఎనిమిది మందిని పరీక్షిస్తే ముగ్గురిలో ఈ యాంటీబాడీలే కనిపించాయి.

మందుగా ఇస్తే?

లోటు ఇంటర్ఫెరాన్‌ది అయితే బయటి నుంచి ఇస్తే సరిపోదా? ప్రపంచ ఆరోగ్య సంస్థ సాలిడారిటీ పరీక్షలో ఆసుపత్రిలో చేరిన రెండు వేల మందికి పైగా ఇంటర్ఫెరాన్ బీటా ఇచ్చి చూశారు. మరణాలు తగ్గలేదు. అమెరికాలో జరిగిన మరో పరీక్షలోనూ ఉపయోగం కనబడలేదు. పైగా ఆక్సిజన్ అవసరం ఎక్కువగా ఉన్నవారికి హాని కనిపించడంతో వారిని చేర్చుకోవడం ఆపేశారు.

మందు మంచిదే, ఇచ్చిన రోజు తప్పు. ఆసుపత్రికి చేరేసరికి చాలామంది రెండో వారంలో ఉన్నారు. వైరస్ పెరగాల్సినంత పెరిగిపోయింది. అప్పుడు చాటింపు వేయడమంటే, అప్పటికే వాచిపోయిన ఊపిరితిత్తులను ఇంకా రెచ్చగొట్టడమే. అదే దశలో ఉన్నవారికి పనికొచ్చింది డెక్సామెథాసోన్. అది రోగనిరోధక స్పందనను తగ్గించే స్టెరాయిడ్. బ్రిటన్‌లో జరిగిన రికవరీ పరీక్షలో వెంటిలేటర్ మీద ఉన్నవారి మరణాలను అది మూడో వంతు తగ్గించింది. ఆక్సిజన్ అవసరం లేని తొలిదశ రోగులకు మాత్రం ఏ మేలూ చేయలేదు. మొదటి రోజుల్లోనే స్టెరాయిడ్ మింగడమంటే, వైరస్‌కు పగ్గం వేయాల్సిన వేళ పగ్గం వదిలేయడం.

తొలిదశలో ఇంటర్ఫెరాన్ ఇస్తే ఏమవుతుందో బ్రెజిల్, కెనడాల్లో జరిగిన టుగెదర్ పరీక్ష చూపించింది. లక్షణాలు మొదలైన వారం లోపు ఒకే ఒక్క సూది ఇంటర్ఫెరాన్ లాంబ్డా ఇచ్చారు. దీని గ్రాహకాలు ముఖ్యంగా శ్వాసమార్గం, పేగుల వంటి పొరల కణాల మీదే ఉంటాయి కాబట్టి ఒళ్లంతా వాపు రేగడం తక్కువ. ఆసుపత్రిలో చేరడమో, ఎమర్జెన్సీలో చాలాసేపు ఉండాల్సి రావడమో మందు తీసుకున్నవారిలో 2.7 శాతానికి జరిగితే, తీసుకోనివారిలో 5.6 శాతానికి జరిగింది. అంటే సగానికి తగ్గింది. ఫలితాలు 2023లో వచ్చాయి. మన దేశంలో 2021 ఏప్రిల్‌లో, రెండో దశ ఉధృతిలో, జైడస్ క్యాడిలా తయారుచేసిన ఇంటర్ఫెరాన్ ఆల్ఫా ఇంజెక్షన్‌కు ఒక మోస్తరు తీవ్రత గల రోగుల కోసం అత్యవసర అనుమతి ఇచ్చారు.

తొలిదశలో ఇవ్వాలనడం తేలికే, ఆచరణలో చిక్కులున్నాయి. రెండో రోజు జ్వరంతో ఉన్నవారిలో ఎవరికి ముదురుతుందో తెలియదు. వందమందికి సూది వేస్తే మేలు పొందేది దాదాపు ముగ్గురే. ఇంటర్ఫెరాన్ ఆల్ఫాను పట్టే యాంటీబాడీలు ఉన్నవారికి ఆల్ఫా సూది వేసినా దండగే. ఆ యాంటీబాడీలు ఎక్కువగా ఆల్ఫా, ఒమేగా రకాలనే పడతాయి, బీటాను అరుదుగా పడతాయి. కాబట్టి వారికి బీటా రకాన్ని మొదట్లోనే ఇచ్చి చూడటం ఒక మార్గం.

రెండోసారి

ఒకసారి జబ్బు పడి లేచినా, టీకా వేయించుకున్నా లెక్క మారిపోతుంది. లక్షల్లో ఒక్కటిగా ఉన్న కణాల స్థానంలో ఇప్పుడు వందలు, వేలు ఉంటాయి. అవి రెండు మూడు రోజుల్లో కదులుతాయి. రక్తంలో తిరుగుతున్న యాంటీబాడీలైతే వైరస్ కణంలోకి దూరకముందే కొంతవరకు పట్టేస్తాయి. ఇంటర్ఫెరాన్ మీద పడే భారం తగ్గుతుంది. అందుకే ఇంటర్ఫెరాన్ లోపం ఉన్నవారు కూడా కోవిడ్ టీకాకు యాంటీబాడీలు బాగానే తయారుచేయగలరు. వారికి టీకా అందరికంటే ఎక్కువ అవసరం.

రోగనిరోధక శక్తిని పెంచుతామనే పొడులు, కషాయాలు ఈ కథలో ఎక్కడా ఇమడవు. ఏ అంచెను పెంచుతాయి, ఏ రోజున పెంచుతాయి అని అడిగితే వాటి దగ్గర సమాధానం లేదు. మొదటి మూడు రోజుల్లో పెరిగితే కాపాడేదే పదో రోజున పెరిగితే ప్రాణం తీస్తుందని కోవిడ్ చూపించింది. అందుకే జ్వరం ఎన్నో రోజున ఉందన్నది డాక్టరుకు మొట్టమొదట చెప్పాల్సిన విషయం. దాన్ని బట్టే ఏ మందు మేలు చేస్తుందో, ఏది కీడు చేస్తుందో తేలుతుంది.